స్టార్ పిరమిడ్‌లో j అసలు ఎక్కడుంది?

ఈ రోజు ఎపిసోడ్ స్టార్ ప్యాటర్న్స్ మీద. బీటెక్ ఫస్ట్ ఇయర్ సీ ల్యాబ్‌లో ఇవి తప్పకుండా వస్తాయి. చాలామంది ఏం చేస్తారంటే, రికార్డులో ఉన్న పది ప్యాటర్న్స్ బట్టీ కొట్టి వెళ్తారు. ఎగ్జామినర్ చూసి, "బాగుంది, ఇదే తలకిందులుగా వెయ్యి" అంటాడు. అంతే, అక్కడ చెయ్యి ఆగిపోతుంది. ఎందుకంటే కోడ్ గుర్తుంది కానీ, అందులో i అంటే ఏంటి, j అంటే ఏంటి అన్నది తెలియదు. ఈ రోజు ఆ రెండింటి సంగతే చూద్దాం. ల్యాప్‌టాప్ లేకపోయినా పర్లేదు, ఫోన్‌లో సీ కంపైలర్ యాప్ ఉంటే చాలు. ఒక గళ్ళ నోటు కూడా పక్కన పెట్టుకోండి, నిజంగా పనికొస్తుంది.

ముందు చిన్నది. లంబకోణ త్రిభుజం. మొదటి వరుసలో ఒక స్టార్, రెండో వరుసలో రెండు, అలా అయిదు వరకు.

```c
for (i = 1; i <= 5; i++) {
    for (j = 1; j <= i; j++)
        printf("*");
    printf("\n");
}
```

బయటి లూప్ ఒక్కసారి తిరిగితే స్క్రీన్ మీద ఒక వరుస పూర్తవుతుంది. అంటే i అనేది వరుస నంబర్. లోపలి లూప్ ఒక్కసారి తిరిగితే ఒక స్టార్ పడుతుంది. అంటే j అనేది ఆ వరుసలో ఎన్నో స్టార్ అని. ఇక్కడ గమనించాల్సింది మధ్యలో ఉన్న `j <= i`. లోపలి లూప్ ఎక్కడ ఆగాలో బయటి లూప్ చెబుతోంది. i 3 అయితే j 1, 2, 3 అయ్యి ఆగుతుంది. ఆ తర్వాత i 4 అవుతుంది, అప్పుడు j మళ్ళీ 1 నుంచి మొదలవుతుంది. ఈ "మళ్ళీ 1 నుంచి" అన్న ముక్క దగ్గరే చాలామంది పడిపోతారు, అందుకే దాని మీద కాసేపు ఉందాం.

ఇదే ప్రోగ్రామ్‌ని కొందరు while లూప్‌తో రాస్తారు. రాసేటప్పుడు `j = 1;` అన్న లైన్‌ని బయటి లూప్‌కి పైన పెట్టేస్తారు. ఏమవుతుందో చూడండి. మొదటి వరుసలో j 1, ఒక స్టార్ పడింది, j 2 అయింది, ఆగింది. రెండో వరుసకి వచ్చాం, i 2. కానీ j ఇంకా 2 లోనే ఉంది, ఎవరూ దాన్ని వెనక్కి పంపలేదు. 2 <= 2 కాబట్టి ఒక స్టార్ వేసి 3 అయిపోయింది. మూడో వరుసలోనూ అదే కథ. చివరికి అయిదు వరుసలు, ఒక్కో వరుసలో ఒక్కో స్టార్. త్రిభుజం లేదు, నిలువు గీత ఉంది.

ఇంకో తప్పుకి కూడా సరిగ్గా ఇదే అవుట్‌పుట్ వస్తుంది. లోపలి for లైన్ చివర అలవాటుగా సెమికోలన్ పెట్టేస్తే. అప్పుడు లూప్ ఖాళీగా తిరిగి అయిపోతుంది, కింద ఉన్న printf లూప్‌కి సంబంధం లేకుండా వరుసకి ఒక్కసారే నడుస్తుంది. మళ్ళీ అదే నిలువు గీత.

మరి స్క్రీన్ మీద నిలువు గీత కనిపిస్తే రెండిట్లో ఏది తప్పో ఎలా తెలుస్తుంది? స్టార్ బదులు j ని ప్రింట్ చేయించండి. కిందకి 1, 2, 3, 4, 5 వస్తే j ని మళ్ళీ 1 చెయ్యడం మర్చిపోయారు. 2, 3, 4, 5, 6 వస్తే అది సెమికోలన్ పని, ఎందుకంటే లూప్ అయిపోయాక j అప్పటికే ఒకటి దాటి కూర్చుంది. ఇది j ని లూప్ పైన డిక్లేర్ చేసినప్పుడు. for లోపలే `int j` అని రాసి, చివర సెమికోలన్ పెడితే j ఎవరో తెలియదని కంపైలరే ఆపేస్తుంది. నన్నడిగితే అదే మంచిది, తప్పు ముందే దొరుకుతుంది. ఇంకొకటి, అయిదు లైన్లు కాకుండా 15 లైన్లు వచ్చి, లైన్‌కి ఒక స్టార్ ఉంటే, మీ `"\n"` లోపలి లూప్‌లోకి దూరింది. 1+2+3+4+5 అంటే 15 కదా, స్టార్లన్నీ సరిగ్గానే పడ్డాయి, ప్రతి స్టార్ తర్వాత లైన్ మారింది.

స్టార్లకి బదులు నంబర్లు వెయ్యడం ఎందుకు నేర్పుతారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. స్టార్ అన్నిచోట్లా ఒకేలా కనిపిస్తుంది, ఎవరు వేశారో చెప్పదు. నంబర్ చెప్పేస్తుంది.

ఇదే త్రిభుజంలో j ప్రింట్ చేస్తే 1, కింద 1 2, కింద 1 2 3. i ప్రింట్ చేస్తే 1, కింద 2 2, కింద 3 3 3. కోడ్‌లో తేడా ఒక్క అక్షరం. ప్రశ్నాపత్రంలో బొమ్మ ఇచ్చినప్పుడు ఏది ప్రింట్ చెయ్యాలో ఇలా చూసుకోండి: ఒక వరుస పొడవునా ఒకే అంకె ఉంటే అది i. నిలువుగా కిందకి చూస్తే ఒకే అంకె ఉంటే అది j. అడ్డంగానూ, నిలువుగానూ మారిపోతుంటే రెండూ కలిపిన లెక్క ఏదో ఉంది, లేదా మూడో కౌంటర్ ఉంది. ఫ్లాయిడ్ ట్రయాంగిల్ అలాంటిదే. 1, కింద 2 3, కింద 4 5 6. దానికి k అని ఇంకోటి తీసుకుని, రెండు లూప్స్‌కీ బయట 1 పెట్టి, ప్రతి ప్రింట్ తర్వాత ఒకటి పెంచుతాం. ఇక్కడ మాత్రం k ని వెనక్కి పంపకూడదు. ఇందాక j ని వెనక్కి పంపకపోతే తప్పైంది, ఇప్పుడు k ని పంపితే తప్పు. ఏ కౌంటర్ దేన్ని లెక్కపెడుతోంది అన్నదాన్ని బట్టి దాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. వరుసలో స్థానాన్ని లెక్కపెడితే వరుస మొదట్లో, మొత్తం బొమ్మని లెక్కపెడితే బొమ్మ మొదట్లో.

సరే, ఎగ్జామినర్ గారి దగ్గరికి వద్దాం. "తలకిందులుగా వెయ్యి". అయిదు స్టార్లు పైన, ఒకటి కింద. లోపలి లూప్ ముట్టుకోనక్కర్లేదు. బయటి లూప్‌ని ఇలా మార్చండి.

```c
for (i = 5; i >= 1; i--)
```

లోపలి లూప్‌కి i ఎటు నుంచి వస్తోందో అనవసరం. 5 ఇస్తే అయిదు స్టార్లు వేస్తుంది, 1 ఇస్తే ఒకటి. కాబట్టి స్టార్లకైతే ఇది చాలు. కానీ ఆయన వదలడు, "స్టార్లు కాదు, పైన 1 1 1 1 1, దాని కింద 2 2 2 2 రావాలి" అంటాడు. ఇప్పుడు i ప్రింట్ చేస్తే పైన 5 5 5 5 5 వస్తుంది. ఎందుకు? ఇక్కడ i పేరు మారలేదు కానీ అర్థం మారిపోయింది. ఇప్పుడు అది వరుస నంబర్ కాదు, వరుస పొడవు. మనకి వరుస నంబర్ కావాలి కాబట్టి i ని మామూలుగా 1 నుంచి 5 వరకే పంపాలి, పొడవుని మాత్రం దాన్నుంచి లెక్కగట్టాలి. మొదటి వరుసకి 5, రెండో దానికి 4. వరుస నంబర్, పొడవు కలిపితే ఎప్పుడూ 6. అంటే లోపలి లూప్ `j <= 6 - i` వరకు. వరుసల సంఖ్య n అయితే `j <= n - i + 1`. ఆ ప్లస్ వన్ ఎక్కడిది అని అడుగుతుంటారు చాలామంది. మనం 0 నుంచి కాకుండా 1 నుంచి లెక్కపెడుతున్నాం కదా, అక్కడిది.

ఇప్పుడు అసలు పిరమిడ్. n 4 అనుకుందాం.

```
   *
  ***
 *****
*******
```

గళ్ళ నోటు తియ్యండి. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. ఖాళీ గడిని కూడా అక్షరంగానే లెక్కపెట్టండి, ఎందుకంటే కంప్యూటర్ దానంతటదే మధ్యలోకి జరగదు, ఆ ఖాళీల్ని మనమే ప్రింట్ చెయ్యాలి. మొదటి వరుసలో ఖాళీలు 3, స్టార్లు 1. రెండోదాంట్లో 2, 3. మూడోదాంట్లో 1, 5. నాలుగోదాంట్లో 0, 7. ఖాళీలు వరుస వరుసకీ ఒకటి తగ్గుతున్నాయి, కాబట్టి n - i. స్టార్లు రెండేసి పెరుగుతున్నాయి, కాబట్టి 2 * i తో మొదలుపెట్టాలి. i 1 అయినప్పుడు 2 వస్తుంది, కానీ కావాల్సింది 1, అందుకని 2 * i - 1. చివరి వరుసతో సరిచూసుకోండి, 2 * 4 - 1 అంటే 7. సరిపోయింది.

```c
for (i = 1; i <= n; i++) {
    for (j = 1; j <= n - i; j++)
        printf(" ");
    for (j = 1; j <= 2 * i - 1; j++)
        printf("*");
    printf("\n");
}
```

ఇది అందరి రికార్డులోనూ ఉంటుంది. ఇప్పుడు నేనొక ప్రశ్న అడుగుతాను. మూడో వరుసలో ఉన్నాం, స్టార్ల లూప్‌లో j విలువ 1. ఆ స్టార్ స్క్రీన్ మీద ఎన్నో గడిలో పడుతుంది? "j 1 కాబట్టి మొదటి గడి" అంటే కాదు. మొదటి గడిలో ఖాళీ ఉంది. స్టార్ పడేది రెండో గడిలో. అదే మొదటి వరుస అయితే j 1 ఉన్నప్పుడు స్టార్ నాలుగో గడిలో పడుతుంది.

చూశారా? చిన్న త్రిభుజంలో j అంటే గడి నంబరే. పిరమిడ్‌కి వచ్చేసరికి j గడి నంబర్ కాదు, "ఎన్నో స్టార్" అన్న లెక్క మాత్రమే. రెండు లూప్స్‌లోనూ అదే పేరు వాడాం కానీ, ఒకచోట అది ఖాళీల లెక్క, ఇంకోచోట స్టార్ల లెక్క. i వరుస అని, j కాలమ్ అని గుడ్డిగా నేర్చుకున్నవాళ్ళు నంబర్ పిరమిడ్ దగ్గర ఇరుక్కుపోయేది సరిగ్గా ఇందుకే.

మరి నిజమైన గడి నంబర్ కావాలంటే? దానికి c అని పేరు పెడదాం. ఎడమవైపు n - i ఖాళీలు ఉన్నాయి, కాబట్టి మొదటి స్టార్ గడి n - i + 1. అక్కడి నుంచి 2 * i - 1 స్టార్లు పెడితే చివరి స్టార్ గడి n + i - 1. మూడో వరుసకి వేసి చూడండి. 4 - 3 + 1 అంటే 2. 4 + 3 - 1 అంటే 6. రెండో గడి నుంచి ఆరో గడి దాకా, మొత్తం అయిదు స్టార్లు. నోటులో చూసుకోండి, అంతే ఉంటుంది. నడిమి గడి ఎప్పుడూ n. ప్రతి వరుసలోనూ ఆ నడిమి నుంచి అటు i - 1, ఇటు i - 1 గడులు పాకుతుంది. రెండు పక్కలా పాకుతుంది కాబట్టే స్టార్లు రెండేసి పెరుగుతున్నాయి. 2 * i - 1 వెనక ఉన్న కథ ఇది.

ఇది తెలిశాక లోపల రెండు లూప్స్ అక్కర్లేదు, ఒకటి చాలు. గడి గడికీ వెళ్ళి, ఇక్కడ స్టార్ పెట్టాలా, ఖాళీ పెట్టాలా అని అడుగుతాం.

```c
for (c = 1; c <= n + i - 1; c++) {
    if (c >= n - i + 1)
        printf("*");
    else
        printf(" ");
}
```

ఇప్పుడు c నిజంగా కాలమ్. దీనివల్ల లాభమేంటో నంబర్ పిరమిడ్‌లో చూద్దాం. 1, దాని కింద 1 2 1, దాని కింద 1 2 3 2 1, అలా పెరిగి తగ్గేది. మామూలుగా దీన్ని పెరగడానికి ఒక లూప్, తగ్గడానికి ఇంకో లూప్ పెట్టి రాస్తారు, తప్పేం లేదు. కానీ గడి నంబర్ మన చేతిలో ఉంటే ఇలా ఆలోచించొచ్చు: నడిమి గడిలో i ఉంది. నడిమి నుంచి ఒక గడి దూరం జరిగితే ఒకటి తగ్గుతోంది, రెండు గడులు జరిగితే రెండు. ఎడమైనా కుడైనా ఒకటే. దూరం అంటే c - n, మైనస్ గుర్తు తీసేసి. కాబట్టి ఆ గడిలో ఉండాల్సిన అంకె `i - abs(c - n)`.

మూడో వరుసలో వేద్దాం, n 4. c 2 అయితే దూరం 2, అంకె 1. c 3 అయితే దూరం 1, అంకె 2. c 4 అయితే దూరం 0, అంకె 3. తర్వాత 2, 1. పైన రాసిన లూప్‌లో స్టార్ ప్రింట్ బదులు `printf("%d", i - abs(c - n));` పెట్టండి, పైన `stdlib.h` కలపండి, అయిపోయింది. ఇంకో తమాషా ఏంటంటే, c 1 దగ్గర ఈ లెక్క వేస్తే 0 వస్తుంది. మొదటి వరుసలో అదే గడికి -2 వస్తుంది. అంటే 1 కన్నా తక్కువ వస్తే అది పిరమిడ్ బయట ఉన్న గడి అని లెక్కే చెప్పేస్తోంది.

దీనికి ఒక హద్దు ఉంది. n 9 వరకు బాగుంటుంది. n 10 పెడితే చివరి వరుస నడిమిలో 10 వస్తుంది, దానికి రెండు గడులు కావాలి, ఆ వరుసలో కుడి సగం ఒక గడి పక్కకి జరుగుతుంది. అప్పుడు `%d` బదులు `%2d`, ఒక ఖాళీ బదులు రెండు ఖాళీలు పెట్టుకోండి.

మీలో ముగ్గు వేసేవాళ్ళు ఉంటే ఇంకో రకం పిరమిడ్ మీకు ఇప్పటికే తెలుసు. "15 చుక్కలు, సందు చుక్క 8 వరకు" అంటారు కదా. మధ్య వరుసలో 15 పెట్టి, పై వరుసలో రెండేసి చుక్కల సందులో ఒక్కోటి పెడతారు, అందుకే వరుసకి ఒకటి చొప్పున తగ్గి 14, 13 అవుతాయి. అదే చుక్క నెత్తిన చుక్క పెడితే రెండు కొసల్లోనూ ఒక్కోటి వదలాలి, 15, 13, 11 అని రెండేసి తగ్గుతాయి. మనం ఇప్పటిదాకా వేసిన పిరమిడ్ రెండో రకం. సందు చుక్కల పిరమిడ్ కావాలంటే ఖాళీల లూప్ అలాగే ఉంచి, స్టార్ల లూప్‌ని `j <= i` చేసి, `"* "` అని స్టార్ పక్కన ఒక ఖాళీతో ప్రింట్ చెయ్యాలి.

```
   *
  * *
 * * *
* * * *
```

కొసలు చూడండి, మారలేదు. మూడో వరుస ఇప్పటికీ రెండో గడి నుంచి ఆరో గడి దాకానే ఉంది, మధ్యలో గడి విడిచి గడి నిండింది. ప్రశ్నలో బొమ్మ చూసి ఈ రెండిట్లో ఏదో తేల్చుకోకుండా రాయడం మొదలుపెట్టకండి. రెండో వరుసలో స్టార్లు రెండా, మూడా లెక్కపెట్టండి, తేలిపోతుంది. `2 * i - 1` ఉంచేసి `"* "` పెట్టారంటే, పిరమిడ్ కుడివైపుకి వాలి సాగిపోతుంది.

వాలడం అంటే గుర్తొచ్చింది, ఫోన్‌లో చేసేవాళ్ళకి ఇది ముఖ్యం. కోడ్ అంతా కరెక్టే, యాప్‌లో బొమ్మ బాగుంది, ఫ్రెండ్‌కి వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే వంకరగా ఉంటుంది. అది మీ తప్పు కాదు. అక్కడి ఫాంట్‌లో అన్ని అక్షరాలూ ఒకే వెడల్పు ఉండవు, ఖాళీ వెడల్పు ఒకటి, స్టార్ వెడల్పు ఇంకొకటి. గళ్ళ నోటులో గడులు చిన్నా పెద్దా అయితే ఎలా ఉంటుందో అలా. మెసేజ్‌కి ముందు మూడు బ్యాక్‌టిక్‌లు, వెనక మూడు పెట్టి పంపితే అన్ని అక్షరాలూ ఒకే వెడల్పులోకి వస్తాయి. కోడ్ తప్పా, ఫాంట్ తప్పా అని అనుమానం వస్తే, ఖాళీ బదులు చుక్క ప్రింట్ చేయించండి. `...*`, `..***` అని వస్తుంది. చుక్కలు వేలితో లెక్కపెట్టొచ్చు, 3, 2, 1, 0 అని తగ్గుతుంటే మీ లూప్ నిక్షేపంగా ఉంది.

ఇక డైమండ్ ఒకటి మిగిలింది, అది మీరే వెయ్యండి. పై సగం ఈ పిరమిడే. కింది సగానికి అదే కోడ్, i మాత్రం పైనుంచి కిందకి దిగుతుంది. అయితే అది n నుంచి కాదు, n - 1 నుంచి మొదలవ్వాలి. n నుంచి మొదలుపెడితే ఏ వరుస రెండుసార్లు వస్తుందో రన్ చేసి చూడండి. ఉంటాను మరి, బై.